తలుపు నాబ్ స్పిండిల్ నుంచి ఊడి రావడం లేదా? దాగి ఉన్న స్క్రూ, క్లిప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాబ్ వదులైందనో, పాతబడిందనో, తలుపుకు రంగు వేయాలనో చాలామంది నాబ్ విప్పబోతారు. అక్కడ స్క్రూ కనిపించదు. ఆ తర్వాత అందరూ అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. మీ పని ఏ దశలో ఆగిందో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ప్రతి జవాబూ దానికదే సరిపోయేలా రాశాను. స్పిండిల్ అంటే రెండు వైపుల నాబులను కలుపుతూ తలుపు గుండా వెళ్లే కడ్డీ. మెడ అంటే నాబ్‌కూ తలుపు మీది ప్లేటుకూ మధ్య ఉండే సన్నటి భాగం.

## మొదలుపెట్టే ముందు

నాబ్ మీద ఎక్కడా స్క్రూ లేదు. అసలు ఇది దేనితో పట్టుకుని ఉంది?

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు పద్ధతులు. మొదటిది బాత్రూమ్, బెడ్‌రూమ్ తలుపులకు ఉండే గుండ్రటి స్టీల్ నాబ్ లాక్. దీని మెడ మీద ఒక చిన్న రంధ్రమో సన్నటి గాడో ఉంటుంది, దాని వెనక స్ప్రింగ్ మీద నిలబడిన ఒక లోహపు నాలుక నాబ్‌ను పట్టి ఉంచుతుంది. రెండోది పాత ఇళ్లలోని ఇత్తడి నాబులు, హ్యాండిళ్లు. వీటి మెడలో తల లేని చిన్న స్క్రూ ఒకటి లోపలికి దిగి స్పిండిల్‌ను నొక్కి పట్టుకుంటుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దాన్ని గ్రబ్ స్క్రూ అంటారు. మూడోది పొడుగు ప్లేటు మీద వచ్చే మోర్టిస్ హ్యాండిల్. ఇందులో స్పిండిల్ వట్టినే దూరి ఉంటుంది, హ్యాండిల్‌ను ప్లేటు వెనక ఉన్న క్లిప్ పట్టుకుంటుంది. పైనుంచి ఎంత వెతికినా స్క్రూ దొరకదు, ఎందుకంటే అక్కడ లేదు.

ఏది మీదో తేల్చుకోవడానికి ముందు ఆకారం చూడండి. గుండ్రటి నాబ్ మధ్యలో నొక్కే బటన్ గానీ తాళం చెవి రంధ్రం గానీ ఉంటే మొదటి రకం. తాళం రంధ్రం నాబ్ కింద ప్లేటులో విడిగా ఉంటే రెండోదో మూడోదో అయి ఉంటుంది. అప్పుడు మెడ చుట్టూ వేలు తిప్పి చూడాలి.

ఏ పనిముట్లు దగ్గర పెట్టుకోవాలి?

సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్ ఒకటి, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, 2, 2.5, 3 మిల్లీమీటర్ల అలెన్ కీలు, టార్చ్. గుండ్రటి నాబ్ లాక్ అయితే రంధ్రంలో దూర్చడానికి సుమారు 2 మిల్లీమీటర్ల మందమున్న మేకు కావాలి. దాని మొనను రాయి మీద రుద్ది చదును చేయండి, మొన వాడిగా ఉంటే నాలుక మీంచి పక్కకు జారుతుంది. కొత్త లాక్ డబ్బాలో ఇందుకోసమే ఒక వంకర పిన్ వస్తుంది, చాలా ఇళ్లలో అది ఫిట్టింగ్ రోజే చెత్తలోకి పోతుంది. సేఫ్టీ పిన్, సిమ్ తీసే పిన్ వాడకండి. వంగిపోతాయి, విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది.

అలెన్ కీల విషయంలో ఒక మాట. రోడ్డు పక్క దొరికే మెత్తటి ఇనుము సెట్టు కొనకండి. ఇంత చిన్న స్క్రూలకు కీ మూలలు పదునుగా, గట్టిగా ఉండటమే ముఖ్యం.

తలుపు మూసుకుని పని చేయవచ్చా?

వద్దు. తలుపు బార్లా తెరిచి, కింద చెక్క ముక్కో మడిచిన అట్టో పెట్టి కదలకుండా చేయండి. రెండు నాబులూ ఊడిపోయాక లాచ్ నాలుక బయటికే ఉంటుంది. గాలికి తలుపు పడితే తెరవడానికి పట్టు ఉండదు. బాత్రూమ్ తలుపు అయితే లోపల ఎవరూ లేరని చూసుకుని, చిన్నపిల్లలను ఆ పక్కకు రాకుండా చూసి మొదలుపెట్టండి.

## స్క్రూ, క్లిప్ ఎక్కడున్నాయో వెతకడం

గుండ్రటి నాబ్ మెడ మీద చిన్న రంధ్రం మాత్రమే ఉంది. స్క్రూడ్రైవర్ పెడితే ఏదీ తిరగడం లేదు. ఎందుకు?

అందులో తిప్పేది లేదు కాబట్టి. టార్చ్ ఆ రంధ్రంలోకి వేసి చూడండి. అడుగున మెరిసే చిన్న లోహపు ముక్క కనిపిస్తుంది. మొద్దు మొన మేకుతో నొక్కితే అది స్ప్రింగ్ లాగా మెత్తగా లోపలికి దిగి, వదిలితే పైకి వస్తుంది. అదే క్లిప్. రెండు మూడు మిల్లీమీటర్లు దిగితే చాలు, నాబ్‌కు పట్టు వదులుతుంది.

మేకు తగిలిన చోట గట్టిగా, కదలకుండా ఉంటే మీరు నొక్కుతున్నది క్లిప్‌ను కాదు, పక్కనున్న గొట్టం గోడను. మేకును రంధ్రానికి నిటారుగా పట్టుకుని మొనను కొద్దికొద్దిగా జరిపి చూడండి. ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ ఆగండి.

రంధ్రమే కనిపించకపోతే నాబ్‌ను నెమ్మదిగా తిప్పుతూ చూడండి. బిగించినప్పుడు రంధ్రం కిందికో, తలుపు అంచు వైపుకో పెట్టడం మామూలు, నిలబడి చూసే మనిషికి అది కనపడదు. బటన్ నొక్కి ఉంటే ముందు లాక్ తీయండి. కొన్ని మోడళ్లలో రంధ్రం ప్లేటుకు మరీ దగ్గరగా ఉండి నీడలో పడుతుంది. ఫోన్‌ను మెడ కింద పెట్టి ఫ్లాష్ వేసి వీడియో తీస్తే తల వంచనక్కరలేకుండా దొరుకుతుంది.

పాత ఇత్తడి హ్యాండిల్ మీద పొరలు పొరలుగా పెయింట్ ఉంది. గ్రబ్ స్క్రూ ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

ముందు మెడ అడుగు భాగం చూడండి. స్క్రూ కంటికి కనపడకూడదని దాన్ని నేల వైపుకు పెట్టడం పాత అలవాటు. అక్కడ లేకపోతే కబ్జాల వైపు ఉన్న పక్క చూడండి. కంటి కన్నా వేలికే త్వరగా తెలుస్తుంది. బొటనవేలి గోరును మెడ చుట్టూ నెమ్మదిగా లాగితే పెయింట్ కింద చిన్న గుంటో, ఉబ్బో తగులుతుంది. ఎనామెల్ పెయింట్ స్క్రూ గుంటలో నిండి ఆరాక కొద్దిగా కుంగుతుంది, అందుకే ఎన్ని పొరలున్నా ఆ గుంట జాడ పూర్తిగా పోదు.

గోరుకూ తెలియకపోతే చిన్న అయస్కాంతం తెండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు, ఉక్కు స్క్రూకు అంటుకుంటుంది. బటన్ సైజు అయస్కాంతాన్ని దారానికి కట్టి మెడ చుట్టూ తిప్పితే ఒక్క చోట టక్కున పట్టుకుంటుంది. లోపల స్పిండిల్ కూడా ఉక్కే కాబట్టి అన్ని చోట్లా స్వల్పంగా లాగుతూ ఉంటుంది. మీకు కావాల్సింది ఆ సన్నటి లాగుడు కాదు, ఒకే చోట వచ్చే గట్టి పట్టు. స్క్రూ కూడా ఇత్తడిదైతే ఈ ఉపాయం పనిచేయదు, మళ్లీ గోరే గతి.

చోటు దొరికాక అక్కడ మాత్రమే పెయింట్ తీయండి. పెద్ద సూదితోనో గుండుపిన్నుతోనో గుంట అడుగు దాకా, మూలల్లో కూడా గోకాలి. సగం గోకి అలెన్ కీ పెడితే అది పైపైన కూర్చుంటుంది, తిప్పగానే స్క్రూ మూలలు అరిగిపోతాయి. ఈ పనిలో ఎక్కువ స్క్రూలు పాడయ్యేది ఇక్కడే. పేరుకుని గట్టిపడ్డ పెయింట్ కదలకపోతే దూది ముక్కను థిన్నర్‌లో ముంచి ఆ గుంట మీద పది నిమిషాలు ఉంచండి. పక్క చెక్క మీద పడకుండా కింద బట్ట పెట్టండి.

లోపలి వైపు మొత్తం వెతికాను. స్క్రూ లేదు. బయటి వైపు ఉంటుందా?

ఉండొచ్చు. పాత నాబ్ జతల్లో ఒక నాబ్‌కు స్పిండిల్ శాశ్వతంగా అతికి ఉంటుంది, రెండో నాబ్‌కు మాత్రమే స్క్రూ ఉంటుంది. స్క్రూ ఉన్న నాబ్ గది లోపలికి రావాలన్నది పద్ధతి. తలుపును రంగు కోసమో రిపేరు కోసమో ఒకసారి విప్పి బిగించినప్పుడు అది తారుమారవుతుంది. కాబట్టి రెండు వైపులా చూడండి.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. ఒక నాబ్‌ను గట్టిగా పట్టుకుని రెండోదాన్ని కొద్దిగా తిప్పండి. స్క్రూతో బిగించిన నాబ్ దగ్గర కాస్త వదులు ఆట ఉంటుంది, అతికిన వైపు స్పిండిల్‌తో కలిసి ఒకటిగా కదులుతుంది. ఆట ఉన్న వైపు వెతకండి.

రెండు వైపులా మెడ నున్నగా ఉండి, మెడకు అడ్డంగా ఎదురెదురుగా రెండు చిన్న చుక్కలు కనిపిస్తే అది స్క్రూ కాదు, ఇటునుంచి అటు కొట్టిన పిన్ను. దాన్ని తిప్పలేరు. పిన్ను కన్నా కొంచెం సన్నటి పంచ్ ఒక వైపు పెట్టి సుత్తితో చిన్నగా కొడితే రెండో వైపుకు వస్తుంది. ఒక చుక్క రెండోదానికన్నా చిన్నగా ఉంటే పిన్ను ఆ చివర సన్నగా ఉందని అర్థం, చిన్న చుక్క వైపు నుంచి కొట్టాలి. కొట్టేటప్పుడు నాబ్ కింద చెక్క దన్ను పెట్టకపోతే స్పిండిల్ వంగుతుంది.

పొడుగు ప్లేటు హ్యాండిల్‌కు మెడ మీద ఏదీ లేదు. ఎలా విప్పాలి?

ముందు ప్లేటు విప్పాలి, హ్యాండిల్ కాదు. లోపలి వైపు ప్లేటు మీద కనిపించే స్క్రూలు తలుపు గుండా వెళ్లి అవతలి ప్లేటును బిగిస్తాయి. స్క్రూలు కూడా కనిపించకపోతే ప్లేటు మీద మూత ఉందన్నమాట. ప్లేటు అంచు చుట్టూ సన్నటి గాడి కోసం చూడండి, అక్కడ మైనస్ స్క్రూడ్రైవర్ పెట్టి కొద్దిగా ఎత్తితే మూత ఊడుతుంది. గుండ్రటి మూతకు గాడి లేకపోతే ఎడమకు తిప్పి చూడండి, కొన్ని మరలతో పట్టుకుని ఉంటాయి.

స్క్రూలు తీశాక రెండు ప్లేట్లూ చెరో వైపుకు వస్తాయి, స్పిండిల్ మధ్యలో లాక్‌లోనే నిలబడి ఉంటుంది లేదా ఒక ప్లేటుతో వచ్చేస్తుంది. హ్యాండిల్‌ను ప్లేటు నుంచి కూడా విడదీయాలంటే ప్లేటు వెనక్కి తిప్పండి. హ్యాండిల్ చివర గాడిలో సగం తెరిచిన ఉంగరం లాంటి క్లిప్ ఉంటుంది. దాన్ని సర్క్లిప్ అంటారు. దాని చివర్లకు రెండు రంధ్రాలుంటే సర్క్లిప్ ప్లయర్‌తో విప్పాలి. రంధ్రాలు లేకపోతే సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక చివరను గాడి నుంచి లేపాలి. అది వదలగానే ఎగిరి ఎక్కడో పడుతుంది, కంటికి తగిలితే ప్రమాదం. పైన బట్ట కప్పి లేపండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

## విప్పేటప్పుడు వచ్చే చిక్కులు

క్లిప్‌ను నొక్కుతూ నాబ్‌ను ఎంత లాగినా రావడం లేదు. ఏం చేస్తున్నది తప్పు?

లాగుతూ నొక్కడమే. మీరు నాబ్‌ను బయటికి లాగినప్పుడు నాబ్ రంధ్రం అంచు ఆ లోహపు నాలుక మీద ఆనుకుంటుంది. ఎంత లాగితే అంత గట్టిగా ఇరుక్కుంటుంది, ఇక నొక్కినా దిగదు. బలం పెంచే కొద్దీ పరిస్థితి ముదురుతుంది.

వరస మార్చండి. ముందు నాబ్‌ను తలుపు వైపుకు నెట్టి పట్టుకోండి, నాలుక మీద బరువు పోతుంది. అప్పుడు మేకుతో నాలుకను అడుగు దాకా నొక్కి అలాగే ఉంచండి. ఆ తర్వాతే నాబ్‌ను నేరుగా మీ వైపుకు లాగండి. ఒక్క అర సెంటీమీటరు కదిలిందంటే నాలుక నాబ్ లోపలి గోడ కిందకు వెళ్లిపోయినట్టే, ఇక మేకు తీసేసి రెండు చేతులతో లాగవచ్చు. పక్కకు వంచుతూ లాగితే గొట్టం మీద పట్టేస్తుంది, నేరుగానే లాగాలి.

చేయి చాలకపోతే ఇంకొకరిని నాబ్ పట్టుకోమనండి. ఒకరు నొక్కాలి, ఒకరు లాగాలి, నొక్కేవాళ్లు "ఇప్పుడు" అనే దాకా లాగేవాళ్లు ఆగాలి.

తాళం చెవి ఉన్న బయటి నాబ్ రావడం లేదు. లోపలిది వచ్చింది. ఎందుకు?

ఎక్కువ నాబ్ లాక్‌లలో బయటి నాబ్ క్లిప్ తాళం చెవి తిప్పితే తప్ప దిగదు. బయటి వాళ్లు పిన్ను పెట్టి ఊడదీయకూడదని అలా తయారు చేస్తారు. తాళం చెవి పెట్టి పావు వంతు తిప్పి అలాగే పట్టుకుని, రంధ్రంలో నొక్కి లాగండి. కొన్నిటికి అంతకన్నా తక్కువ తిప్పితే చాలు. చెవిని నెమ్మదిగా తిప్పుతూ మేకుతో నొక్కి చూడండి, ఏ కోణంలో క్లిప్ మెత్తబడితే అక్కడ ఆపండి.

మొత్తం లాక్ మార్చడమే మీ పని అయితే బయటి నాబ్‌ను ఊడదీయనే అక్కరలేదు. లోపలి నాబ్ తీశాక దాని వెనక గుండ్రటి ప్లేటు మూత ఉంటుంది, అంచున చిన్న గాడి చూసి స్క్రూడ్రైవర్‌తో లేపండి. కింద రెండు పొడవాటి స్టార్ స్క్రూలు కనిపిస్తాయి. వాటిని తీస్తే బయటి నాబ్ స్పిండిల్‌తో సహా అవతలికి వచ్చేస్తుంది. రెండో స్క్రూ తీసేటప్పుడు బయటి నాబ్‌ను చేత్తో పట్టుకోండి, లేకపోతే కింద పడి టైల్ పగులుతుంది.

అలెన్ కీ గుంటలో తిరిగిపోతోంది. మూలలు అరిగిపోయాయా?

అరిగాయనుకునే ముందు ఒకసారి సైజు చూసుకోండి. అంగుళాల కొలతలో చేసిన నాబ్‌లో మిల్లీమీటర్ల కీ పెడితే వదులుగా తిరుగుతుంది. 1/8 అంగుళం అంటే 3.175 మిల్లీమీటర్లు, అందులో 3 మిల్లీమీటర్ల కీ దూరుతుంది కానీ పట్టుకోదు. అదే 3/32 అంగుళం అంటే 2.38 మిల్లీమీటర్లు, అందులో 2.5 కీ దూరదు, 2 కీ వదులవుతుంది. పాత దిగుమతి సరుకుకు, అమెరికా నుంచి తెచ్చిన హ్యాండిళ్లకు ఈ తేడా వస్తుంది. అంగుళాల కీ సెట్టు తెచ్చి చూస్తే చాలాసార్లు స్క్రూ బాగానే ఉందని తేలుతుంది.

సైజు సరైనదే అయినా తిరుగుతుంటే మూలలు నిజంగా పోయాయి. గుంటలో దూరీ దూరనంత సైజు టార్క్స్ బిట్‌ను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి దిగగొట్టండి. టార్క్స్ బిట్ అంటే ఆరు మొనల నక్షత్రం ఆకారం. గుంట కన్నా వెంట్రుకవాసి పెద్దది కాబట్టి గోడల్లోకి కోసుకుని కొత్త పట్టు ఇస్తుంది. తర్వాత నెమ్మదిగా ఎడమకు తిప్పండి. కొట్టేటప్పుడు మెడ కింద చెక్క దన్ను తప్పనిసరి.

అదీ కాకపోతే డ్రిల్ చేయాలి. గుంట మధ్యలో బిట్ తనంతట కుదురుకుంటుంది, అది ఒక అనుకూలం. 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో తక్కువ వేగంలో మొదలుపెట్టి, మీ స్క్రూ మందం దగ్గరికి ఒక్కో సైజూ పెంచుతూ వెళ్లండి. స్పిండిల్ దాకా తవ్వకండి. నాబ్ మీకు మళ్లీ కావాలనుకుంటే ఇది ఆఖరి మార్గంగా పెట్టుకోండి.

గ్రబ్ స్క్రూ తుప్పుతో బిగుసుకుపోయింది. బలంగా తిప్పనా?

వద్దు, ముందు సమయం ఇవ్వండి. తుప్పు వదిలించే స్ప్రే ఒక చుక్క గుంటలోకి వేసి రాత్రంతా వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి వల్ల ఇది దాదాపు ప్రతి పాత ఇంట్లోనూ అవసరం పడుతుంది. ఒక్క చుక్కే చాలు. ఎక్కువ పోస్తే తలుపు చెక్కలోకి ఇంకి మరక పడుతుంది, తర్వాత పెయింట్ అక్కడ పట్టదు.

మర్నాడు కీని అడుగు దాకా కూర్చోబెట్టి ముందు బిగించే వైపుకు, అంటే కుడికి, వెంట్రుకవాసి తిప్పండి. తుప్పు పొర పగలడానికి ఏ దిక్కైనా ఒకటే, బిగించే వైపు చిన్న కదలిక వస్తే ఎడమకు తేలిగ్గా వదులుతుంది. ఒక్కసారిగా ఎడమకే బలం పెడితే మూలలు పోయే అవకాశం ఎక్కువ.

అప్పటికీ కదలకపోతే వేడి చేయాలి. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ మీద ఒక నిమిషం ఆనించండి. స్క్రూ వేడెక్కి చల్లారేటప్పుడు తుప్పు పట్టు సడలుతుంది. అంతకుముందే స్ప్రే వేసి ఉంటే పూర్తిగా తుడిచి గాలి ఆడనిచ్చాకే ఐరన్ పెట్టండి, ఆ స్ప్రేలు ఎక్కువగా మండే స్వభావం ఉన్నవి. థిన్నర్ వాడిన చోట కూడా అంతే.

స్క్రూ బయటికి వచ్చేసింది. నాబ్ మాత్రం కదలడం లేదు. ఇంకో స్క్రూ ఉందా?

ముందు అదే చూడండి. కొన్ని మెడల్లో రెండు గ్రబ్ స్క్రూలుంటాయి, పక్కపక్కనో లంబంగానో. ఇంకో రకంలో ఒకే రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు స్క్రూలు ఉంటాయి, పైది కిందిదాన్ని వదులు కాకుండా ఆపడానికి. మొదటిది తీశాక టార్చ్ వేసి రంధ్రంలో ఇంకో గుంట ఉందేమో చూడాలి.

లేకపోతే నాబ్, స్పిండిల్ కలిసి తుప్పు పట్టాయి. మెడ, స్పిండిల్ కలిసే చోట తుప్పు స్ప్రే వేసి, నాబ్‌ను చిన్నచిన్నగా అటూ ఇటూ తిప్పండి. నాబ్ వెనక, ప్లేటు మీద రెండు వైపులా ఎదురెదురుగా రెండు చెక్క చీలికలు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి చిన్న దెబ్బలు వేయండి. ఒక్క వైపు మాత్రమే కొడితే నాబ్ వాలి ఇంకా పట్టేస్తుంది. పింగాణీ, గాజు నాబులకు మాత్రం చీలికలు వద్దు, మెడ దగ్గర ఇత్తడి పట్టీ నుంచి గాజు విడిపోతుంది. వాటికి నూనె, ఓపిక మాత్రమే మార్గం.

ఒక పాత తలుపు మొదటి నుంచి చివరి దాకా ఎలా విప్పారో చెప్తారా?

మా ఊళ్లో ఒక పాత టేకు తలుపు. ఇత్తడి గుండ్రటి నాబులు, పైన తెల్ల ఎనామెల్ రెండు మూడు పొరలు. లోపలి నాబ్ ఊగుతోంది, పడేలా ఉంది. ఊగుతోందంటే లోపలి గ్రబ్ స్క్రూ వదులైందనే అనుమానం, కాబట్టి వెతకాల్సింది ఆ వైపే.

మెడ అడుగున గోరుకు ఏదీ తగల్లేదు. కబ్జాల వైపు మాత్రం చిన్న గుంట తెలిసింది. అయస్కాంతం పెడితే సరిగ్గా అక్కడే అంటుకుంది. దారం సూదితో గోకితే పెయింట్ పొరలు పెచ్చులుగా లేచాయి, మొదట తెలుపు, దాని కింద లేత ఆకుపచ్చ. అడుగున కనిపించింది అలెన్ గుంట కాదు, అడ్డగాడి. అంటే పాత రకం మైనస్ గ్రబ్ స్క్రూ. అలెన్ కీ పట్టుకుని కూర్చుంటే రోజంతా పట్టేది.

గాడి పొడవుకు సరిపోయే స్క్రూడ్రైవర్ దొరకడమే ఇక్కడ ముఖ్యం. ఇరుకైనది పెడితే గాడి అంచులు తెగుతాయి, మెడ రంధ్రం కన్నా వెడల్పయితే లోపలికే దిగదు. రంధ్రం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంది, 4 మిల్లీమీటర్ల మొన సరిపోయింది. వదులైన స్క్రూ కాబట్టి నూనె కూడా అక్కరలేకపోయింది, మూడు చుట్లకు నాబ్ బయటికి వచ్చింది. స్పిండిల్ మీద స్క్రూ మొన గీసిన గీతలు కనిపించాయి. స్క్రూ చదును మీద కాకుండా అంచు మీద బిగించి ఉందని ఆ గీతలే చెప్పాయి, అదే నాబ్ ఊగడానికి కారణం. కొద్దిగా తిప్పి, స్క్రూ చదును మీదకు వచ్చేలా పెట్టి బిగిస్తే ఊపు పోయింది.

## ఊడాక, తిరిగి బిగించేటప్పుడు

రెండు నాబులూ తీశాక తలుపు మూసుకుపోయింది. ఎలా తెరవాలి?

స్పిండిల్ దగ్గర ఉంటే దాన్ని లాక్ మధ్యలోని చదరపు రంధ్రంలో దూర్చి ప్లయర్‌తో పట్టుకుని తిప్పండి. స్పిండిల్ అవతలి వైపు ఉండిపోతే ఆ రంధ్రంలో మూలకు మూల పట్టేంత వెడల్పు మైనస్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే లాచ్ వెనక్కి వెళ్తుంది. గుండ్రటి నాబ్ లాక్ అయితే రంధ్రంలో కనిపించే లాచ్ తోకను స్క్రూడ్రైవర్‌తో తలుపు అంచుకు ఎదురు దిక్కులో లాగండి. తలుపు మీ వైపుకు తెరుచుకునేదైతే లాగుతూ, అటు వైపుకు తెరుచుకునేదైతే నెట్టుతూ చేయండి.

నాబ్ తిరిగి బిగించాను, వారానికే వదులైంది. ఎందుకు?

స్క్రూ స్పిండిల్ చదును మీద కూర్చోలేదు. స్పిండిల్ నాలుగు పలకల్లో ఏదో ఒకటి స్క్రూకు ఎదురుగా ఉండాలి, అంచు ఉంటే వాడే కొద్దీ జారుతుంది. బిగించే ముందు రంధ్రంలోకి టార్చ్ వేసి చూస్తే చదును కనిపిస్తుంది. కొన్ని స్పిండిళ్ల మీద స్క్రూ మొన కూర్చోవడానికి గుంటలు ఉంటాయి. అలాంటప్పుడు నాబ్‌ను లోపలికీ బయటికీ జరిపి గుంట దొరికే చోట బిగించాలి.

ఇంకో కారణం, రెండు నాబులూ ప్లేట్లకు నొక్కుకుపోయేలా బిగించడం. నాబ్‌కూ ప్లేటుకూ మధ్య ఒక మందపాటి కాగితం దూరేంత సందు ఉండనివ్వండి. లేకపోతే తిప్పిన ప్రతిసారీ నాబ్ రుద్దుకుని స్క్రూను విప్పేస్తుంది. స్క్రూ మరల మీద తక్కువ బలం రకం థ్రెడ్‌లాక్ జిగురు ఒక చుక్క వేస్తే నిలబడుతుంది. బలమైన రకం వేయకండి, మళ్లీ విప్పాల్సిన రోజు వేడి చేయక తప్పదు.

క్లిప్ రకం నాబ్ అయితే బిగించడం తేలిక. మెడ మీది రంధ్రాన్ని నాలుకకు ఎదురుగా పెట్టి నాబ్‌ను నేరుగా నెట్టండి, టక్ అనే చప్పుడు రావాలి. చప్పుడు వచ్చాక ఒకసారి బయటికి లాగి చూడండి. లాగినా రాకపోతే కూర్చున్నట్టే.

అమెరికాలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడి నాబులకూ ఇదే పద్ధతేనా?

అపార్ట్‌మెంట్లలోని గుండ్రటి నాబులకు మెడ మీది రంధ్రం, లోపలి స్ప్రింగ్ నాలుక అదే పద్ధతి. పాత ఇళ్లలోని గాజు, ఇత్తడి నాబుల్లో మాత్రం ఒక తేడా ఉంది. అక్కడి చాలా పాత స్పిండిళ్లకు మూలల మీద మరలు కోసి ఉంటాయి, నాబ్ ఆ మరల మీద ఎక్కుతుంది. గ్రబ్ స్క్రూ విప్పాక నాబ్‌ను లాగితే రాదు, రెండో నాబ్‌ను పట్టుకుని దీన్ని ఎడమకు తిప్పుతూ విప్పాలి. లాగడానికే ప్రయత్నిస్తే మరలు పాడవుతాయి. అద్దె ఇల్లు కాబట్టి మార్చే ముందు యజమానిని అడగండి, తీసిన పాత నాబ్ దాచి పెట్టండి.

కొత్త నాబ్ కొనడానికి షాపుకు వెళ్తున్నాను. ఏ కొలతలు తీసుకెళ్లాలి?

పాత నాబ్, స్పిండిల్ రెండూ సంచిలో వేసుకుని వెళ్లండి, అంతకన్నా మంచి కొలత లేదు. తీసుకెళ్లలేకపోతే మూడు చూసుకోండి. స్పిండిల్ పలక మందం, మన దగ్గర ఎక్కువగా 8 మిల్లీమీటర్లు. తలుపు మందం. గుండ్రటి నాబ్ లాక్ అయితే తలుపు అంచు నుంచి రంధ్రం మధ్య దాకా ఉన్న దూరం, సాధారణంగా 60 గానీ 70 గానీ మిల్లీమీటర్లు. 60 రంధ్రానికి 70 లాక్ తెస్తే తలుపుకు కొత్త రంధ్రం కొట్టాల్సి వస్తుంది. రెండింటికీ సర్దుకునే లాచ్‌లు కూడా దొరుకుతాయి, షాపులో అడిగి తీసుకోండి.